మైపాడు ఫోటోలో ఎండ పెడితే స్టిక్కర్ అతికించినట్టుంది, తప్పు ఎక్కడ?

శ్రీను స్టూడియో, నెల్లూరు

అందరికీ నమస్తే. ఫిబ్రవరి మొదట్లో మైపాడు బీచ్‌లో ఒక ప్రీ వెడ్డింగ్ షూట్ చేశాను. ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 85 లెన్సు, f/1.8. ఫైల్‌లో టైము 7:35 అని ఉంది. కెమెరా అడ్డంగా పట్టుకున్నాను, జంట వెనకాల సముద్రం, సముద్రం గీత సరిగ్గా ఫ్రేము మధ్యలో ఉంది. ఫోటో బాగుంది కానీ కొంచెం చప్పగా అనిపించి, ఆల్బమ్ మొదటి పేజీకి బంగారు రంగు ఎండ పెడదామనుకున్నాను.

Filter > Render > Lens Flare లోకి వెళ్లి 50-300mm Zoom ఎంచుకుని, ఎడమవైపు పైన ఖాళీ ఉంటే అక్కడ పెట్టాను. నాకు బాగానే కనపడింది. శాంపిల్ చూపిస్తే పెళ్లికొడుకు వాళ్ల పెదనాన్న కళ్లజోడు సర్దుకుని, "ఏందయ్యా, మైపాడులో రెండు సూర్యుళ్లు మొలిచారా ఆ పొద్దు?" అన్నాడు. అందరూ నవ్వారు. Opacity 40కి తగ్గించి మళ్లీ పంపిస్తే ఈసారి "స్టిక్కర్ వెలిసిపోయింది" అన్నారు.

ఇదే జంటకి కావలిలో రిసెప్షన్ కూడా నేనే తీశాను. అక్కడ వెనకాల మసక లైట్ల గుండ్రాలు, అదే బొకే, పెట్టినా ఇదే గొడవ. ముందు ఈ ఎండ సంగతి ఎవరైనా చెప్పండి. వచ్చే వారం ఆల్బమ్ ప్రింటుకు పోవాలి, టెన్షన్‌గా ఉంది.

ఒంగోలు గిత్త

తమ్ముడూ, ఫ్లేర్‌ను నేరుగా ఫోటో మీదే కొట్టావా? అదే తప్పు. కొత్త లేయర్ తీసుకో, నలుపు నింపు, దాని మీద ఫ్లేర్ వేసి లేయర్‌ను Screen లో పెట్టు. నలుపు మాయమై వెలుగు మాత్రమే మిగులుతుంది. Opacity 30 పెట్టు, తర్వాత ఫోటో తెల్లబడినట్టుంటే Levels తో కాంట్రాస్ట్ లాగేయి. నేను పదేళ్లుగా ఇదే చేస్తున్నా, ఎవరూ ఏమీ అనలేదు. కావాలంటే నా దగ్గర ఓవర్‌లే ప్యాక్ ఉంది, 2 జీబీ, పంపిస్తా.

కొత్తపట్నం రమణ

నాకూ ఇదే సమస్య అన్నా. ఫోన్‌తో రాత్రిపూట వీధిలైటు తీస్తే ఫోటోలో ఎక్కడో ఒక పచ్చ చుక్క వస్తుంది. లెన్సు తుడిచినా పోవడంలేదు. గ్లాసు మార్పించాలా? ఫ్లేర్ తీసేసే యాప్ ఏదైనా ఉంటే చెప్పండి.

కందుకూరోడు

రమణా, ఆయన లేని ఫ్లేర్ పెట్టాలంటున్నాడు, నువ్వు ఉన్నది తీయాలంటున్నావు. మీ ఇద్దరూ ఫోటోలు మార్చుకుంటే సరిపోతుంది.

పెన్నగట్టు

శ్రీనూ, opacity జోలికి తర్వాత పోదాం. ముందు ఒకటి చెప్పు. అమ్మాయి జుట్టు అంచు ఎటువైపు మెరుస్తోంది? భుజం ఎటువైపు తెల్లగా ఉంది?

శ్రీను స్టూడియో, నెల్లూరు

కుడివైపు సార్. ఇద్దరికీ కుడి భుజం మీద, కుడివైపు జుట్టు మీద సన్నటి గీతలా వెలుగుంది. చూసేవాళ్లకి కుడి అని చెబుతున్నా.

పెన్నగట్టు

మరి ఫ్లేర్ ఎడమవైపు ఎందుకు పెట్టావు?

శ్రీను స్టూడియో, నెల్లూరు

ఎడమవైపు ఖాళీ ఉంది సార్. కుడివైపు పైన పేర్లు రాయాలి.

కందుకూరోడు

పేర్ల కోసం సూర్యుణ్ణే పక్కకు జరిపావా! పెదనాన్న తప్పేముంది ఇక.

పెన్నగట్టు

పెదనాన్నకి ఫోటోషాప్ రాకపోయినా కన్ను ఉంది. ఒక వెలుగు జుట్టు మీద కుడినుంచి పడింది, ఇంకో వెలుగు ఎడమనుంచి వస్తోంది. అందుకే రెండు సూర్యుళ్లన్నాడు.

నేను ఆల్బమ్ డిజైనింగ్‌లో చానా ఏళ్లు ఉన్నాను. నాకు తెలిసినంతలో ఈ పని చెడేది మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్ల. ఫ్లేర్, కిరణాలు, బొకే అన్నీ వెలుగే గనక అన్నిటినీ ఒక లేయర్‌గా పైన పడేస్తారు. కానీ అవి పుట్టేచోట్లు వేరు. ఫ్లేర్ పుట్టేది లెన్సు లోపల, గాజు పలకల మధ్య. కాబట్టి అది మనిషి ముఖం మీదికైనా, సముద్రం మీదికైనా, ఏది ముందు ఏది వెనక అని చూడకుండా వచ్చేస్తుంది. కిరణాలు ఉండేది గాలిలో, పొగలోనో మంచులోనో. వాటికి ముందు నిలబడ్డ మనిషి వాటిని కప్పేస్తాడు. బొకే గుండ్రాలు దూరంగా ఉన్న దీపాలు. అవి మనిషి వెనక ఉండాలి, జుట్టు పాయల వెనక కూడా. ఏది ఎక్కడ పుట్టిందో తెలిస్తే ఏ లేయర్ మీద ఉండాలో, ఎక్కడ మాస్క్ చేయాలో అదే తెలుస్తుంది.

ఇప్పుడు నీ ఫోటో సంగతి. ఫిబ్రవరి మొదట్లో మన నెల్లూరులో పొద్దు పొడిచేది ఆరున్నర దాటాక. నీ ఫోటో 7:35, అంటే పొద్దు పొడిచి దాదాపు గంట. మన దగ్గర ఆ రోజుల్లో గంటకి సూర్యుడు సముద్రం గీత నుంచి సుమారు 14 డిగ్రీలు పైకి వస్తాడు. చేయి చాపి పిడికిలి పడితే ఒక పిడికిలి దాదాపు 10 డిగ్రీలు, కాబట్టి పిడికిలిన్నర అనుకో. ఇక నీ 85 లెన్సు ఫుల్ ఫ్రేమ్‌లో అడ్డంగా పట్టుకుంటే, మధ్య నుంచి పై అంచు దాకా 8 డిగ్రీలే చూస్తుంది. సముద్రం గీత మధ్యలో ఉందన్నావు. ఫ్రేము 8 దగ్గర అయిపోతే 14 దగ్గర ఉన్న సూర్యుడు లోపలికి ఎలా వస్తాడు?

అంటే ఆ ఫోటోలో సూర్యుడు కనపడనే కూడదు. కుడివైపు పెట్టినా తప్పే. వెలుగు బయటినుంచి లోపలికి రావాలి, అంతే.

శ్రీను స్టూడియో, నెల్లూరు

ఈ లెక్క ఎప్పుడూ ఆలోచించలేదు సార్. మరి బయట ఉన్నవాణ్ణి ఎలా పెట్టేది? ఫిల్టర్ ఫోటో లోపలే కదా చుక్క పెట్టనిస్తుంది.

పెన్నగట్టు

కాన్వాస్ పెంచాలి. అదీ ఒకవైపు మాత్రమే పెంచకూడదు, ఎందుకో చెప్తాను. రమణ పచ్చ చుక్క గురించి అడిగాడే, దానితోనే మొదలుపెడతా. రమణా, నీ ఫోటోలో వీధిలైటు ఎక్కడుంది, చుక్క ఎక్కడుంది?

కొత్తపట్నం రమణ

లైటు కుడివైపు పైన. చుక్క ఎడమవైపు కింద. ఇంకో ఫోటోలో లైటు ఎడమ పైన ఉంటే చుక్క కుడి కింద ఉంది. అరె, ఇప్పుడు చూస్తున్నా, అన్నిట్లో అంతే ఉంది!

పెన్నగట్టు

అదే. లైటు నుంచి ఫోటో నడిమధ్యకి గీత గీసి, అటువైపు అంతే దూరం పొడిగిస్తే చుక్క దగ్గరికి పోతావు. గ్లాసు మార్పించే పనిలేదు, లైటు ప్రతిబింబం సెన్సార్‌కీ లెన్సుకీ మధ్య కొట్టుకుని అటు తేలుతోంది. ఫోన్ కొంచెం కదిపి చుక్కను చీకట్లోకో గోడమీదికో తోసేయి, లేకపోతే ఎడిటింగ్‌లో తుడిచెయ్.

పెద్ద కెమెరా లెన్సుల్లో చుక్కలు ఒకటి కాదు, నాలుగైదు రావచ్చు. దూరాలు వేరువేరుగా ఉంటాయి, కానీ అన్నీ వెలుగు నుంచి లెన్సు మధ్య మీదుగా పోయే ఒకే గీత మీద ఉంటాయి. ఫోటోషాప్ ఫిల్టర్ కూడా అదే పద్ధతిలో గీస్తుంది, కాకపోతే దానికి తెలిసిన మధ్య కాన్వాస్ మధ్యే. ఫోటోను ఆల్బమ్ సైజుకి కత్తిరించాక ఫ్లేర్ వేస్తే గీత తప్పుడు మధ్య గుండా పోతుంది. కాన్వాస్‌ను పైకి మాత్రమే పెంచినా అంతే. అందుకే కత్తిరించకముందు ఫోటో తీసుకుని, పైకీ కిందికీ సమానంగా పెంచాలి.

నీ ఫైల్ 6000 బై 4000 అనుకుంటా. అడ్డంగా 36 మిల్లీమీటర్ల సెన్సార్ మీద 6000 పిక్సెళ్లంటే మిల్లీమీటరుకి 166 చిల్లర. 14 డిగ్రీలకి 85 లెన్సులో వెలుగు మధ్యనుంచి 21 మిల్లీమీటర్ల పైన పడుతుంది, అంటే 3500 పిక్సెళ్లు. ఫ్రేము పై అంచు 2000 దగ్గరే ఉంది. అంటే సూర్యుడు అంచుకి 1500 పిక్సెళ్ల పైన ఉన్నాడు. కాన్వాస్ ఎత్తును 7400 చేయి, ఫోటో మధ్యలోనే ఉండాలి, పైన 1700, కింద 1700.

కుడికి ఎంత అనేది నాకు తెలియదు. నువ్వు ఆ చోటే వెడల్పు లెన్సుతో తీసిన ఫోటో ఏదైనా ఉంటే అందులో సూర్యుడు కనపడొచ్చు.

శ్రీను స్టూడియో, నెల్లూరు

ఉంది సార్. అదే చోట నిలబడి, అదే వైపుకి 24తో ఒకటి తీశాను. అందులో సూర్యుడు జంటకి కుడివైపు పైన ఉన్నాడు. మీ లెక్క పట్టుకుని కొలిస్తే కుడికి దాదాపు 10 డిగ్రీలు వచ్చింది.

పెన్నగట్టు

సరిపోయింది. ఫిబ్రవరిలో పొద్దు తూర్పుకి కొంచెం దక్షిణంగా పొడుస్తుంది, సముద్రం వైపు తిరిగి నిలబడితే కుడిచేతి వైపు. 10 డిగ్రీలంటే 15 మిల్లీమీటర్లు, 2500 పిక్సెళ్లు. మధ్య 3000 దగ్గరుంటే సూర్యుడు అడ్డంగా 5500 దగ్గర, నిలువుగా పెంచిన కాన్వాస్‌లో పైనుంచి 200 దగ్గర. నల్ల లేయర్‌ను స్మార్ట్ ఆబ్జెక్ట్ చేసి ఫిల్టర్ తెరువు, తర్వాత ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. ప్రివ్యూ మీద Alt నొక్కి క్లిక్ చేస్తే అంకెలు అడుగుతుంది, ఇవే కొట్టు. 50-300mm Zoom వద్దు. అది జూమ్ లెన్సు తరహా, చుక్కలు బారులు తీరతాయి. నువ్వు తీసింది ప్రైమ్‌తో, 105mm Prime దానికి దగ్గరగా ఉంటుంది. తర్వాత కాన్వాస్‌ను మళ్లీ 4000కి తగ్గించెయ్. తళతళలాడే నడిబొట్టు బయట పోతుంది, మిగిలిన వెలుగు లోపల ఉంటుంది.

గిత్త చెప్పిన నల్ల లేయర్, Screen మాట మాత్రం నూటికి నూరుపాళ్లు కరెక్టు.

ఒంగోలు గిత్త

హమ్మయ్య, ఒక మార్కు పడింది. కానీ పెన్నగట్టు గారూ, ఇంత లెక్క ఎవరు చూస్తారండీ? పెళ్లి ఆల్బమ్ చూసేవాడు డిగ్రీలు కొలుస్తాడా?

పెన్నగట్టు

కొలవడు. పెదనాన్నలా నవ్వుతాడు. నువ్వు చెప్పినదాంట్లో ఒకటి మాత్రం నేను ఒప్పుకోను, Levels తో కాంట్రాస్ట్ లాగడం. ఎండ లెన్సులోకి కొడితే ముందుగా జరిగేది చుక్కలు రావడం కాదు, నలుపు చచ్చిపోవడం. వెలుగు లెన్సంతా చెదిరి ఫోటోమీద పలచటి ముసుగులా పరుచుకుంటుంది. నల్లజుట్టు బూడిద రంగుకి వస్తుంది, వెలుగొచ్చే మూల దగ్గర ఎక్కువగా, దూరం పోయేకొద్దీ తక్కువగా. నువ్వు ఆ ముసుగు వేసి వెంటనే Levels తో లాగితే మిగిలేవి గాలిలో వేలాడే రంగుచుక్కలు. పెళ్లికొడుకు జుట్టు బొగ్గులా ఉంటుంది, దాని పక్కనే సూర్యుడు మండుతుంటాడు. స్టిక్కర్ అనిపించేది అందుకే.

నమ్మకం లేకపోతే రేపు పొద్దున హుడ్ తీసి ఎండకి ఎదురుగా ఒకటి తీయి. తర్వాత కెమెరా కదపకుండా చెయ్యి అడ్డంపెట్టి ఎండ లెన్సుమీద పడకుండా ఆపి ఇంకోటి తీయి. రెండిట్లో నల్లటి వస్తువు ఒకటి పట్టుకుని Info ప్యానెల్‌లో అంకెలు చూడు.

ఒంగోలు గిత్త

ప్యాక్‌లో వచ్చే ఓవర్‌లేలు వేస్తే ఫోటో మొత్తం తెల్లబడుతుంది, అందుకే Levels లాగుతాను. అది కూడా తప్పేనా?

పెన్నగట్టు

అది వేరే జబ్బు. డౌన్‌లోడ్ చేసిన ఓవర్‌లేలో నలుపు అసలు నలుపు కాదు, జేపీజీలో నాలుగో ఏడో ఉంటుంది. అది ఫోటో మొత్తాన్ని సమానంగా ఎత్తేస్తుంది, ఒక్కోసారి ఓవర్‌లే అంచు గీత కూడా కనపడుతుంది. Levels లాగాల్సింది ఓవర్‌లే లేయర్ మీద, దాని నలుపును సున్నాకి దించడానికి. నీ ఫోటో మీద కాదు. ఇంకో మాట, ఆ ప్యాక్‌లో చుక్కలు ఎవరి లెన్సువో తెలియదు. ఆరు కోణాల చుక్కలు, నక్షత్రంలా ముళ్లు ఉన్నవి f/1.8 ఫోటో మీద వేయకండి. ముళ్లు బాగా తేలేది లెన్సు కన్ను f/11, f/16కి మూసినప్పుడు. వెనక సముద్రం వెన్నలా కరిగిపోయి ఉంటే, ముందు సూర్యుడికి ముళ్లు మొలిస్తే ఏ లెన్సూ అలా తీయదు.

నేను ప్యాకులు మానేసి చానా కాలమైంది. రాత్రి గది చీకటి చేసి, నల్లగుడ్డ కట్టి, నాలుగైదు అడుగుల దూరంలో ఫోన్ టార్చి పెట్టి, నా లెన్సుతోనే అదే f నంబరులో తీసుకుంటాను. టార్చి ఫ్రేములో, అంచున, అంచుకి బయట, ఇలా పది పదిహేను. వెనక నలుపు నిజంగానే నలుపు. నా లెన్సు చుక్కలు నా ఫోటోకే.

లక్ష్మీ ఎడిట్స్, కావలి

ఈ టార్చి ఐడియా చానా బాగుంది అంకుల్, ఇవాళే చేస్తా. నాది వీడియో కేసు. రీల్ కోసం సరుగుడు తోపులో ఒక అమ్మాయి నడిచొచ్చే షాట్ తీశాం. చెట్ల మధ్యనుంచి ఎండ కిరణాలు పడుతున్నట్టు పెట్టమని క్లయింట్ ఒకటే పోరు. పెట్టాను, కానీ కిరణాలు ఆ పిల్లకి ముందు వేలాడుతున్నాయి. వాన పడుతున్నట్టుంది.

కందుకూరోడు

తీసింది ఏ టైములో?

లక్ష్మీ ఎడిట్స్, కావలి

పన్నెండున్నర అన్నా. మేకప్ లేటయింది.

కందుకూరోడు

నడినెత్తిన ఎండ, పొగ లేదు మంచు లేదు. కిరణాలు ఎక్కడ కూర్చుంటాయమ్మా?

పెన్నగట్టు

కందుకూరోడు ఈసారి అసలు సంగతి పట్టుకున్నాడు. కిరణం కనపడాలంటే గాలిలో దాన్ని పట్టే పదార్థం ఉండాలి, పొగో మంచో దుమ్మో. కిరణాన్ని చీల్చే సందు కూడా కావాలి, ఆకుల మధ్యో మబ్బుల మధ్యో. పన్నెండున్నరకి ఎండ పైనుంచి నిట్టనిలువుగా పడుతుంది, నేలమీద నీడలు కాళ్ల కిందే ఉంటాయి. నువ్వు ఏటవాలు కిరణాలు పెడితే నీడలు నిన్ను పట్టిస్తాయి. ఆ షాట్‌కి కిరణాలు వద్దని క్లయింట్‌కి చెప్పు. పొద్దున ఏడింటికి పోయి మళ్లీ తీస్తే మంచు ఉంటే ఉంటుంది, లేకపోతే సాంబ్రాణి వెయ్యి. తోపులో ఎండుటాకులు ఉంటాయి, జాగ్రత్త.

ఫోటోలో అయితే నేను చేసేది ఇది. ఫోటో కాపీ లేయర్ తీసుకుని, చెట్ల సందుల్లో కనపడే ఆకాశపు తెలుపు మచ్చలు తప్ప మిగతాదంతా నలుపు చేస్తాను. దాని మీద Radial Blur, అందులో Zoom, Amount 100. మధ్యచుక్క సూర్యుడు ఉన్నచోట. ఒకసారి చాలకపోతే రెండుసార్లు. లేయర్ Screen లో పెడితే సందుల్లోంచే కిరణాలు కారతాయి, ఎక్కడ కొమ్మ ఉంటే అక్కడ నీడ పట్టీ వస్తుంది. ఈ పద్ధతిలో బలం అదే, కిరణాలు నీ చెట్లనుంచే పుడతాయి. ఓవర్‌లే కిరణాలకి నీ చెట్లు తెలియవు. ఇక్కడ కూడా సూర్యుడు బయట ఉంటే కాన్వాస్ పెంచాల్సిందే. తర్వాత మనిషి ఆకారాన్ని మాస్క్‌తో తీసెయ్, కిరణం ఆమె వెనకనుంచి పోవాలి. పూర్తిగా కాదు, పొగ ఆమెకీ కెమెరాకీ మధ్య కూడా కాస్త ఉంటుంది గనక పదో పాతికో వంతు వదులు.

లక్ష్మీ ఎడిట్స్, కావలి

వీడియోలో ఇదంతా ప్రతి ఫ్రేముకీ చేయాలా? కెమెరా కూడా కదులుతోంది. ఇంకో షాట్‌లో ఫ్లేర్ పెడితే కెమెరా తిరుగుతున్నా ఫ్లేర్ కదలకుండా కూర్చుంది.

పెన్నగట్టు

నేను ఫోటో మనిషిని, వీడియోలో నా చేయి అంతగా తిరగదు. ఒకటి మాత్రం చెప్పగలను. సూర్యుడి చోటుని ట్రాక్ చేసి ఫ్లేర్‌ను దానికి కట్టాలి, చుక్కలు మధ్యకి అటువైపునుంచి ఎదురు దిక్కులో జరగాలి. సూర్యుడు చెట్టు మొదలు వెనక్కి పోయిన క్షణం ఫ్లేర్ ఆరిపోవాలి, ఇవతలికి రాగానే వెలగాలి. చూసేవాడు ఆ రెపరెపను చూసే నమ్ముతాడు. సరుగుడు ఆకు సన్నం గనక పూర్తిగా ఆరదు, వణుకుతుంది. దాన్ని చేత్తో చేయాలా, ఎలా చేయాలో వీడియో వాళ్లు ఎవరైనా చెప్పాలి.

శ్రీను స్టూడియో, నెల్లూరు

సార్, రాత్రి కూర్చుని చేశాను. మీరిచ్చిన అంకెలు కొట్టి కాన్వాస్ తగ్గిస్తే కుడిమూలనుంచి పలచటి వెలుగు, ఎడమవైపు కింద ఒక లేత గుండ్రం మిగిలాయి. ఆ గుండ్రం అమ్మాయి పట్టుచీర అంచు మీద పడింది. దాన్ని ఉంచాలా, తీయాలా?

హుడ్ తీసి మేడమీద టెస్టు కూడా తీశాను. నల్ల గొడుగు చెయ్యి అడ్డంపెట్టినప్పుడు 12, ఎండ కొట్టినప్పుడు 47. నేను ఇంతవరకు పెట్టిన ఫ్లేర్లన్నిట్లో నలుపు నలుపుగానే ఉంది.

పెన్నగట్టు

చీర మీద ఉంటే ఉండనీ, లెన్సులో పుట్టింది మనిషిని చూసి పక్కకి జరగదు. ముఖం మీద పడితే మాత్రం నిజమైనా సరే తీసేయి, కస్టమర్ మచ్చ అంటాడు.

ముసుగు కోసం ఇంకో లేయర్ వెయ్యి. కుడి పై మూల బయటినుంచి మొదలై ఫ్రేము సగందాకా కరిగిపోయే గుండ్రటి గ్రేడియంట్, Screen. రంగు నీ బుర్రలోంచి తీయొద్దు, అమ్మాయి భుజం మీద మెరిసే గీత దగ్గర ఐడ్రాపర్ పెట్టి తీసుకో. అసలు ఎండ రంగు అక్కడే రాసి ఉంది. పెళ్లికొడుకు జుట్టు కుడివైపు నీ గొడుగు లెక్కకి దగ్గరగా, నలభై చిల్లరకి వచ్చేదాకా పెంచు. ఎడమ కింది మూల దాదాపు కదలకూడదు. చివర్లో ఈ లేయర్లకి Add Noise ఒకటి రెండు శాతం ఇవ్వు. ఫోటోలో గ్రెయిన్ ఉండి ఫ్లేర్ నునుపుగా ఉంటే తేడా తెలుస్తుంది, ప్రింటులో ఆకాశం మెట్లుమెట్లుగా కూడా పడుతుంది.

శ్రీను స్టూడియో, నెల్లూరు

చేస్తా సార్. ఇక కావలి రిసెప్షన్. మండపం ముందు లాన్‌లో అమ్మాయిది ఒక్కతే, మూడు మీటర్ల దూరంనుంచి అదే 85తో, కానీ ఫ్లాష్ వేసి f/5.6లో తీశాను. వెనకాల సీరియల్ బల్బుల తీగలు రెండు, మిగతా చీకటి. ఖాళీగా ఉందని బొకే ఓవర్‌లే వేస్తే లడ్డూలు ఎగురుతున్నట్టుంది.

ఒంగోలు గిత్త

దీనికి నా దగ్గర మందు ఉంది. ఓవర్‌లే వద్దు, Field Blur పెట్టి అందులో Light Bokeh పెంచు. నిజం బల్బులే గుండ్రాలవుతాయి. మొన్న తిరునాళ్లలో ప్రభల ముందు తీసిన ఫోటోకి ఇదే చేశా, భలే వచ్చింది.

శ్రీను స్టూడియో, నెల్లూరు

అదీ చేశానన్నా. జడలో మల్లెపూలు కూడా ఒక్కొక్కటి బల్బులై వెలిగాయి. అమ్మాయి చూసి ఏడుపొక్కటే తక్కువ.

పెన్నగట్టు

గిత్త చెప్పిన దారి మంచిదే, నిజం బల్బు ఉన్నచోటే గుండ్రం పుడుతుంది గనక. కానీ ఆ ఫిల్టర్‌కి మల్లెపూవు తెలుపూ బల్బు తెలుపూ ఒకటే, పంచె కట్టినవాళ్లుంటే పంచె కూడా వెలుగుతుంది. ముందు అమ్మాయిని కత్తిరించి వేరే లేయర్ చేసి, వెనక లేయర్‌లో ఆమె ఉన్నచోటు పూడ్చి, అప్పుడు వెనకదాని మీదే ఫిల్టర్ వెయ్యాలి.

లడ్డూ ఎంత ఉంది? పిక్సెళ్లలో చెప్పు.

శ్రీను స్టూడియో, నెల్లూరు

పెద్దవి 600 దాకా ఉన్నాయి సార్.

పెన్నగట్టు

అదే. లెన్సు ఎంత పెద్ద గుండ్రం చేయగలదో దానికి హద్దు ఉంది. దీపం ఎంత దూరంలో ఉన్నా దీన్ని దాటదు:

```
గుండ్రం = f × f ÷ (N × (మనిషి దూరం − f))
85 × 85 ÷ (5.6 × (3000 − 85)) = 0.44 మి.మీ.
```

0.44 మిల్లీమీటర్లంటే నీ ఫైల్‌లో 74 పిక్సెళ్లు. అదే f/1.8లో తీసి ఉంటే 230 దాకా వచ్చేది. 600 నీ లెన్సుకి ఏ రకంగానూ సాధ్యం కాదు, మనిషికీ కెమెరాకీ మధ్య దీపాలుంటే తప్ప. నీ లాన్‌లో అక్కడ దీపాల్లేవు, ఫ్లాష్ గొడుగు తప్ప.

కాబట్టి 70 లోపు గుండ్రాలు, ఉన్న తీగల వెంబడే పెట్టు. ఒక తీగ మీద పక్కపక్క బల్బులు ఒకే దూరంలో ఉంటాయి గనక సైజు కూడా ఒకటిగానే ఉండాలి. ఓవర్‌లేల్లో ఒకటి ఉసిరికాయంత, పక్కది గుమ్మడికాయంత ఉంటాయి, అందుకే ఎగురుతున్నట్టు అనిపిస్తుంది. రెండు గుండ్రాలు కలిసినచోట వెలుగు కూడాలి. జుట్టు వెనకనుంచి రావాలి.

ఒంగోలు గిత్త

f/1.8లో తీసినట్టు వెనకంతా ఇంకా బ్లర్ చేసి 230 గుండ్రాలు పెట్టేస్తే? చీకటే కదా వెనక, ఎవరికి తెలుస్తుంది?

పెన్నగట్టు

వెనక చీకటి, తీగలు మాత్రమే అయితే నడుస్తుంది, నేనూ చేశాను. శ్రీనూ, అమ్మాయి పక్కన స్తంభమో కుర్చీయో ఏదైనా ఉందా?

శ్రీను స్టూడియో, నెల్లూరు

పూలకుండీ స్టాండు ఉంది సార్, ఆమెకి ఒక అడుగు వెనక. పూలు స్పష్టంగా ఉన్నాయి.

పెన్నగట్టు

అయితే దాన్ని కూడా సగం మెత్తన చేయాలి, అడుగు దూరానికి తగ్గట్టు. ఎంత అనేది కంటిచూపు. నేనైతే ఆ తంటా పడకుండా 74తోనే ఆగిపోతాను. గిత్త పడతాడేమో.

ఒంగోలు గిత్త

పడతా. ఫైల్ పంపు శ్రీనూ, కుండీతో సహా చేసి పంపుతా, ఇక్కడే పెడదాం, చూసి చెప్పండి.

కొత్తపట్నం రమణ

పెన్నగట్టు గారూ, ఫోన్ కొంచెం కిందికి దించి తీస్తే పచ్చ చుక్క చీకట్లోకి పోయింది. థాంక్స్. కానీ చంద్రుణ్ణి తీసినా వస్తోంది, చంద్రుడి అంత షేపులో.

శ్రీను స్టూడియో, నెల్లూరు

మైపాడు పేజీ మళ్లీ పంపాను. పెదనాన్న ఈసారి ఎండ గురించి ఏమీ అనలేదు. "పేర్లు కుడిపక్క వెలుగులో కనపడటంలేదు, ఎడమకి జరుపు" అన్నాడు.

కందుకూరోడు

మొదటి రోజే పేర్లు జరిపుంటే సూర్యుణ్ణి కదిపే పని ఉండేది కాదు గదయ్యా.